పేరు వినబడుతుంది, రంగు మాత్రం నోటికి రాదు

"కాగ్నిటివ్ సైకాలజీ చదవడం ఈ సంవత్సరమే మొదలుపెట్టాను. నలుగురు చేరిన చోట ఎవరితోనైనా మాట్లాడుతున్నప్పుడు గది అవతలి మూల ఎవరో నా పేరెత్తితే చాలు, చెవి అటు లాక్కుపోతుంది. ఎదుటివాళ్ళు చెప్తున్నది సగంలో జారిపోతుంది. 'నీకు ధ్యాస నిలవదు' అని స్నేహితురాలు అంటూనే ఉంటుంది. క్లాసులో పదాన్ని చదవకుండా దాని సిరా రంగు చెప్పే స్ట్రూప్ పరీక్ష పెడితే అందరికంటే ఎక్కువ సమయం నాకే పట్టింది. ఆమె మాట నిజమేనేమోనని భయంగా ఉంది.

ఇంకో చిక్కు. ప్రాక్టికల్ కోసం పదిమంది మీద స్ట్రూప్ నేనే చేశాను. ముందు 20 రంగు గడులు, తర్వాత వేరే రంగు సిరాలో రాసిన 20 ఇంగ్లిష్ రంగు పేర్లు. సిరా రంగు తెలుగులో చెప్పమన్నాను. తప్పులు లెక్కపెట్టలేదు. గడులకు సగటున 15 సెకన్లు, పదాలకు 16.6. ఒకతనికైతే పదాలే ముందు అయిపోయాయి, 14 సెకన్లలో. అతన్ని లెక్కలోంచి తీసేయమని అదే స్నేహితురాలి సలహా. పాఠమూ తికమకగానే ఉంది. ధ్యాస పెట్టని చెవిలో పడింది తెలియదంటారు, పేరు మాత్రం తెలుస్తుందంటారు, పదాన్ని చదవకుండా ఉండలేమంటారు. మరి ధ్యాసకు వడపోత ఉన్నట్టా, లేనట్టా? రిపోర్టుకి రెండు వారాల గడువుంది. ఏం చేయను?"

— పేరు రాయడం ఇష్టంలేని ఒక విద్యార్థిని

ముందు వడపోత సంగతి తేల్చుకుందాం. అది తేలితే మీ ప్రాక్టికల్ ఎక్కడ పలచబడిందో మీకే కనబడుతుంది. మీ చెవి గురించిన భయానికీ సగం జవాబు అందులోనే ఉంది.

కోలిన్ చెర్రీ 1953లో చేసిన పని గురించి మీ పాఠంలో చదివే ఉంటారు. అయితే చాలా పాఠాలు అతని రెండో ప్రయోగంతో మొదలుపెట్టి మొదటిదాన్ని వదిలేస్తాయి. మీ తికమకకు మూలం ఆ వదిలేయడమే అనుకుంటాను. మొదటి ప్రయోగంలో ఒకే మనిషి గొంతుతో చదివిన రెండు వేర్వేరు ప్రసంగాలను కలిపేసి, ఆ కలగాపులగాన్నే రెండు చెవులకూ వినిపించాడు. రెంటిలో ఒకదాన్ని విడదీసి చెప్పడం వినేవాళ్ళ పని. టేపు ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు వెనక్కి తిప్పుకోవచ్చు. అయినా వాళ్ళు నానా తంటాలు పడ్డారు. గొంతు ఒకటే, వచ్చే దిక్కు ఒకటే కావడంతో 'ఈ మాట తర్వాత ఏ మాట రావచ్చు' అన్న ఊహ తప్ప పట్టుకోవడానికి మరో ఆధారం లేదు. రెండు ప్రసంగాలనూ అరిగిపోయిన వాక్యాలతో అల్లినప్పుడు ఆ ఊహ కూడా పనిచేయలేదు. ఏ ముక్క తర్వాత ఏ ముక్కైనా అతుక్కునేలా ఉండేసరికి రెంటినీ విడదీయడం దాదాపు అసాధ్యమైంది.

రెండో ప్రయోగంలో అతను మార్చింది ఒక్కటే. ఒక ప్రసంగాన్ని కుడి చెవికీ, రెండోదాన్ని ఎడమ చెవికీ పంపాడు. డైకోటిక్ లిజనింగ్ అంటే ఇదే. ఒక చెవిలో విన్నది విన్నట్టు వెంటవెంటనే పైకి పలకాలి, దానికి షాడోయింగ్ అని పేరు. ఇప్పుడు పని తేలికైపోయింది. రెండో చెవిలో ఏం పడిందని తర్వాత అడిగితే మాత్రం పెద్దగా ఏమీ చెప్పలేకపోయారు. ఏదో మాట వినబడిందని తెలుసు. మగ గొంతు ఆడ గొంతుగా మారితే తెలిసింది. మాట ఆగి ఒట్టి కూత లాంటి శబ్దం వస్తే తెలిసింది. ఇంగ్లిష్ కాస్తా మధ్యలో జర్మన్‌గా మారితే పట్టుకోలేకపోయారు. టేపును వెనకనుంచి ముందుకు తిప్పి వినిపిస్తే ఏదో తేడాగా ఉందని కొందరికి అనిపించింది, అంతే.

ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడండి. మనిషి అతనే, ధ్యాస అదే. మొదటిదాంట్లో చేతకాని పని రెండోదాంట్లో సునాయాసమైంది. మారిందల్లా రెండు మాటల మధ్య భౌతికమైన తేడా. చెవి వేరు, దిక్కు వేరు, గొంతు వేరు అయినప్పుడు ఆ తేడాను ఆసరా చేసుకుని ఒకదాన్ని పట్టుకోగలం, రెండోదాన్ని పక్కకు నెట్టగలం. ఆసరా లేకపోతే నెట్టలేం. సెలెక్టివ్ అటెన్షన్, అంటే ఒకదాన్నే ఎంచుకుని ధ్యాస పెట్టడం గురించి చదివే ప్రతి ప్రయోగానికీ మీరు వేయాల్సిన మొదటి ప్రశ్న 'ధ్యాస ఎంత బలమైనది' అన్నది కాదు, 'ఇక్కడ దేన్ని పట్టుకుని వేరు చేయవచ్చు' అన్నది.

నలుగురు మాట్లాడే గదిలో మనకు దొరికే ఆసరా దిక్కు. కుడి పక్కనుంచి వచ్చే శబ్దం ఎడమ చెవికి కాస్త ఆలస్యంగా చేరుతుంది. ఆ ఆలస్యం ఎక్కువలో ఎక్కువ ఒక మిల్లీసెకనులో మూడింట రెండు వంతులు. తల అడ్డు రావడంతో కొంచెం తగ్గి కూడా వినబడుతుంది. వినేవాళ్ళకు తెలియకుండానే మెదడు ఈ రెండు తేడాలతో గొంతులను విడివిడిగా నిలబెడుతుంది. ఈసారి అలాంటి చోటికి వెళ్ళినప్పుడు ఒక చెవిని వేలితో మూసి చూడండి. శబ్దం కొద్దిగా తగ్గుతుంది, గొంతులు మాత్రం అంతకంటే ఎక్కువగా ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి.

ఇక పేరు సంగతి. చెర్రీ ఫలితాలు చూసి డొనాల్డ్ బ్రాడ్‌బెంట్ 1958లో వడపోత సిద్ధాంతం చెప్పాడు. గొంతు, దిక్కు లాంటి పైపై లక్షణాలను బట్టి ఒక దారిని తెరిచి మిగతావి మూసేస్తామనీ, మూసినదాంట్లో మాటల అర్థం దాకా పని సాగదనీ అతని వాదం. మరుసటి ఏడే నెవిల్ మొరే దానికి చిల్లు పెట్టాడు. ధ్యాస పెట్టని చెవిలో ఒక చిన్న పదాల జాబితాను 35 సార్లు వినిపించినా తర్వాత ఎవరూ గుర్తుపట్టలేదు. అదే చెవిలో వాళ్ళ పేరు పలికితే మాత్రం సుమారు మూడింట ఒకవంతు సందర్భాల్లో పట్టుకున్నారు. పాఠాలు సగమే చెప్పే మరో సంగతి ఇది. 'ఎంత రద్దీలోనైనా మన పేరు మనకు వినబడుతుంది' అని రాస్తారు గానీ, మూడింట రెండు వంతులు వినబడలేదు. 1995లో వుడ్, కవన్ మరింత జాగ్రత్తగా మళ్ళీ చేసినప్పుడూ పేరు విన్నవాళ్ళు సుమారు 35 శాతమే.

ఆన్ ట్రీస్‌మన్ దీన్ని సర్దిన తీరు నాకు ఇప్పటికీ చక్కగా అనిపిస్తుంది. తలుపు పూర్తిగా మూసేయరు, ఓరగా వేస్తారు. పక్క చెవిలోని మాట ఆగిపోదు, బలహీనపడి లోపలికి వస్తుంది. మామూలు మాటలకు ఆ బలహీనమైన శబ్దం చాలదు. కొన్ని మాటలు మాత్రం కొంచెం తగిలినా మేలుకుంటాయి. మీ పేరు అలాంటిది, పుట్టినప్పటినుంచి విన్నది. అప్పుడు నడుస్తున్న వాక్యానికి సరిగ్గా అతికే మాట కూడా అలాంటిదే. 1960లో ఆమె షాడోయింగ్ మధ్యలో కథను ఒక చెవినుంచి రెండో చెవికి మార్చేసింది. కొందరు తమకు తెలియకుండానే కథ వెంట ఒకటి రెండు మాటలు అటు చెవికి వెళ్ళి, మళ్ళీ చెప్పిన చెవికే వచ్చేశారు. కాబట్టి మీ పాఠంలోని మొదటి రెండు వాక్యాలకూ తగవు లేదు. వడపోత ఉంది, అది సందులేని గోడ మాత్రం కాదు.

పేరు వినబడింది వడపోత సందులోంచి కారడం వల్ల కాదు, ఆ క్షణంలో ధ్యాసే అటు జారి ఉంటుందని వాదించేవాళ్ళూ ఉన్నారు. అది తీసేయదగ్గ వాదం కాదు. గదిలో మీరు నిజంగా ఒకే గొంతుకు కట్టుబడి ఉన్నారో, మధ్యమధ్య అటు ఓ చెవి వేస్తున్నారో తేల్చడం కష్టం. ప్రయోగశాలలో షాడోయింగ్ ఉండేది అందుకే. నోరు ఒక్క మాట తడబడితే ధ్యాస ఎప్పుడు కదిలిందో తెలిసిపోతుంది. వుడ్, కవన్ ప్రయోగంలో పేరు విన్నవాళ్ళకు తడబాటు పేరు పడ్డ వెంటనే, ఆ తర్వాతి మాటల్లో వచ్చింది. ఎదుటివాళ్ళ మాట సగంలో జారిపోతోందని మీరు రాసింది దీన్నే. పేరు లోపలికి వచ్చాక జరిగే పని అది.

ఇప్పుడు స్ట్రూప్. జాన్ రిడ్లీ స్ట్రూప్ 1935లో అచ్చువేసిన ప్రయోగాల్లో అయిదు రంగులున్నాయి: ఎరుపు, నీలం, ఆకుపచ్చ, గోధుమ, ఊదా. వంద రంగు గడుల రంగులు చెప్పడానికి సగటున 63.3 సెకన్లు పట్టింది. వేరే రంగు సిరాలో అచ్చైన వంద రంగు పేర్ల సిరా రంగు చెప్పడానికి 110.3 సెకన్లు. అంటే ఒక్కో అంశానికి 470 మిల్లీసెకన్లు అదనం. తిరగేసి, సిరాను పట్టించుకోకుండా పదాన్ని చదవమంటే తేడా వందకు 2.3 సెకన్లే, నల్ల సిరాలో 41.0, రంగు సిరాలో 43.3. పదం రంగుకు బలంగా అడ్డొస్తుంది. రంగు పదానికి అడ్డొచ్చినా అది లెక్కలోకి రానంత.

ఎందుకని? చదవడం ఏళ్ళ తరబడి చేసిన పని, రంగుకు పేరు పెట్టడం అప్పుడప్పుడూ చేసేది. అలవాటైన దారిలో జవాబు ముందే నోటి దగ్గరికి వచ్చి కూర్చుంటుంది. ఈ మాట ఒట్టి ఊహ కాదు. 1988లో మెక్లియడ్, డన్‌బార్ అర్థంలేని ఆకారాలకు రంగుల పేర్లు పెట్టి జనానికి నేర్పించారు. మొదట్లో ఆకారం పేరు చెప్పడానికి దాని రంగు అడ్డొచ్చింది. రోజుల తరబడి సాధన చేయించాక పరిస్థితి తిరగబడి, రంగు చెప్పడానికి ఆకారం అడ్డురాసాగింది. బలం అక్షరాలకు పుట్టుకతో వచ్చింది కాదు, అలవాటు ఇచ్చింది.

కానీ అలవాటు ఒక్కటే కారణమైతే, పేజీలో మరో మూల ఉన్న పదం కూడా అంతే అడ్డు రావాలి. అలా రాదు. రంగును ఒక గడిలో పెట్టి పదాన్ని నల్ల సిరాతో పక్కన రాస్తే అడ్డు తగ్గుతుంది, దూరం పెంచేకొద్దీ ఇంకా తగ్గుతుంది. మామూలు స్ట్రూప్‌లో రంగూ పదమూ ఒకే గీతల్లో ఉన్నాయి. రంగును చూడాలంటే అక్షరాన్ని చూడక తప్పదు. చెర్రీ మొదటి టేపు ఇదే, కంటికి పెట్టినట్టు. పదాన్ని పక్కన పెడితే అతని రెండో టేపు అవుతుంది. మీ పాఠంలోని మూడో వాక్యం మిగతా రెంటితో కలిసేది ఇక్కడ. ధ్యాస విఫలమైందనడం కంటే, పట్టుకుని వేరు చేయడానికి స్థలం లేకుండా చేశారనడం సరైనది.

ఈ కళ్ళతో మీ అంకెలు చూద్దాం. 20 గడులకు 15 సెకన్లంటే ఒక్కోదానికి 750 మిల్లీసెకన్లు. 16.6 సెకన్లంటే 830. తేడా 80. సున్నా కాదు గానీ, జాబితా చేతికిచ్చి చదివించే పద్ధతికి బాగా తక్కువ. మీ ఏర్పాటులో మూడు చోట్ల ఇది కరిగిపోయింది, మూడూ ఒకే దిశలో.

మొదటిది భాష. పదం ఇంగ్లిష్‌లో ఉంది, జవాబు తెలుగులో. పదం మనసులో చదివేసినా నోటి దగ్గరికి వచ్చేది 'రెడ్'. మీరడిగిన జాబితాలో ఆ మాటే లేదు, కాబట్టి దాన్ని పక్కకు తోయడం సులువు. 'ఎరుపు' అని రాసి ఉంటే నేరుగా జవాబుతోనే పోటీ పడేది. రెండు భాషలు వచ్చినవాళ్ళ మీద చేసిన స్ట్రూప్ ప్రయోగాల్లో పదమూ జవాబూ ఒకే భాషవైతే అడ్డు ఎక్కువ, వేర్వేరైతే తక్కువ, అయినా పూర్తిగా పోదు.

రెండోది వరస. అందరికీ గడులే ముందు. ఇరవై గడులు చెప్పేసరికి ఆ నాలుగైదు రంగుల పేర్లు నోటికి వచ్చేస్తాయి, కన్ను వరస వెంట పరుగెత్తడం నేర్చుకుంటుంది. ఆ లాభమంతా తర్వాత వచ్చిన పదాల జాబితాకు పోయింది. పదాల వల్ల పెరిగిన సమయంలో కొంత సాధన మింగేసింది.

మూడోది తప్పులు. వేగానికీ సరితనానికీ ఎప్పుడూ బేరం నడుస్తుంది. సిరా నీలమైతే 'ఎరుపు' అనేసి ముందుకు పోయినవాళ్ళకు గడియారంలో సమయం తగ్గుతుంది. ఆగి 'కాదు, నీలం' అని దిద్దుకున్నవాళ్ళకు పెరుగుతుంది. తప్పులు రాసుకోకపోతే ఈ ఇద్దరినీ వేరు చేయలేరు. 14 సెకన్ల మనిషి మొదటి రకమో, కళ్ళు చికిలించి అక్షరాలను మసకబార్చుకున్నవాడో, చూపును అక్షరం అంచు మీదే నిలిపినవాడో ఇప్పుడు చెప్పడానికి మీ దగ్గర ఆధారం లేదు.

అందుకే అతన్ని తీసేయవద్దంటాను. ఫలితం నచ్చలేదని ఒకరిని తీయడమంటే కావలసిన జవాబును ముందే పెట్టుకుని లెక్క చేయడమే. తీసివేతకు నియమం ప్రయోగానికి ముందే రాసి ఉండాలి. ఉదాహరణకు 'జాబితాలో పదో వంతు కంటే ఎక్కువ తప్పులు దిద్దుకోకుండా వదిలితే లెక్కలోకి తీసుకోను' అని. తర్వాత అది ఎవరికి తగిలితే వాళ్ళకు, అనుకున్నట్టు ఫలితం ఇచ్చినవాళ్ళకైనా సరే.

మీ ముందు మూడు దారులున్నాయి.

ఉన్న డేటాతోనే రిపోర్టు రాయడం ఒకటి. పదిమందినీ ఉంచి, 80 మిల్లీసెకన్లు అని నిజం రాసి, చర్చ భాగంలో పైన చెప్పిన మూడు లోపాలనూ, ఒక్కోటి ఫలితాన్ని ఎటు లాగుతుందో చెప్పాలి. రెండు వారాలు మిగులుతాయి, రిపోర్టూ గౌరవంగానే ఉంటుంది. ఒక్క ఇబ్బంది, మూడింటిలో ఏది ఎంత తగ్గించిందో మీరు చెప్పలేరు, ఊహ అనే రాయాలి.

రెండో దారి కొత్తవాళ్ళతో మళ్ళీ చేయడం. తెలుగు పదాలు, సరిచేసిన వరస, తప్పుల లెక్క. తేడా బాగా పెరిగే అవకాశం ఉంది. పెరిగితే 'భాష మార్చినందుకే పెరిగింది' అని రాయాలనిపిస్తుంది, రాయకండి. ఒకేసారి మూడు మార్చారు, మనుషులనూ మార్చారు. భాష ఒక్కదాని ప్రభావమే మీకు ఆసక్తి అయితే, మిగతావన్నీ అలాగే ఉంచి ఒకే మనిషికి తెలుగు జాబితా, ఇంగ్లిష్ జాబితా రెండూ ఇవ్వాలి.

మూడోది నాకు ఇష్టమైనది. పని కాస్త ఎక్కువే గానీ మీ పాఠంలోని తికమకను మీరే ప్రయోగంగా మార్చుకోవచ్చు. మూడు జాబితాలు: ఒట్టి రంగు గడులు, రంగు సిరాలో పదాలు, రంగు గడి పక్కన నల్ల సిరాలో పదం. మూడింటిలోనూ చెప్పాల్సింది రంగే. రెండో జాబితాకూ మూడో జాబితాకూ పదాలు అవే, రంగులు అవే, మారేది వాటి మధ్య స్థలం మాత్రమే. మూడోదాంట్లో అడ్డు తగ్గితే ఆసరా గురించి పైన చెప్పింది మీ అంకెల్లోనే కనబడుతుంది. తగ్గకపోతే అదీ రాయదగ్గదే. గడికీ పదానికీ మధ్య దూరం చాల్లేదేమో, లేక చూపు పదం మీదుగా పోతోందేమో అని చర్చించవచ్చు.

మూడో దారి ఎంచుకుంటే తయారీ ఇలా ఉంటుంది. నాలుగు రంగులు చాలు. పసుపును వదిలేయమంటాను. తెల్ల కాగితం మీద అది వెలవెలబోతుంది. పైగా మన భాషలో 'పచ్చ' అంటే కొందరికి పసుపు, కొందరికి ఆకుపచ్చ. ఎవరైనా 'పచ్చ' అన్నప్పుడు తప్పో ఒప్పో మీరే తేల్చుకోలేరు. ఎరుపు, నీలం, ఆకుపచ్చ, నలుపు పెట్టుకుంటే ఆ గొడవ ఉండదు, 'పచ్చ' అన్నా ఒప్పుగా వేసుకోవచ్చు. 'ఆకుపచ్చ' పలకడానికి మిగతావాటికంటే ఎక్కువసేపు పట్టినా ఫరవాలేదు, ప్రతి జాబితాలో అదే సంఖ్యలో ఉంటే తీసివేతలో పోతుంది. అయితే మూడో జాబితాలో పదాలన్నీ నల్లగానే ఉంటాయి కాబట్టి నలుపు గడికి కొంచెం గందరగోళం రావచ్చు. అక్కడ పదాలను లేత బూడిద రంగులో అచ్చువేయండి.

నాలుగు రంగులకు, ఒక్కో సిరాకు సరిపోలని పదాలు మూడు. మొత్తం పన్నెండు జతలు. ఒక్కో జతను రెండుసార్లు వాడితే జాబితాకు 24 అంశాలు, ఒక్కో రంగు ఆరుసార్లు వస్తుంది. పేర్చేటప్పుడు రెండు జాగ్రత్తలు. ఒకే రంగు వెంటవెంటనే రెండుసార్లు రాకూడదు, రెండోసారి అప్పనంగా త్వరగా వస్తుంది. ఒక అంశంలో పక్కకు నెట్టిన పదమే తర్వాతి అంశంలో చెప్పాల్సిన రంగు కాకుండా చూడండి. ఇప్పుడే తోసేసినదాన్ని మళ్ళీ పిలవడానికి అదనంగా సమయం పడుతుంది, నెగటివ్ ప్రైమింగ్ అంటారు దీన్ని. పాత జాబితాల్లో ఇది తెలియకుండా దూరి అంకెలను చెడగొట్టేది. గడుల జాబితాలో రంగుల వరసను పదాల జాబితా నుంచే తీసుకోండి.

మూడు జాబితాలను ఆరు వరసల్లో ఇవ్వవచ్చు. పన్నెండు మందిని తీసుకుంటే ఒక్కో వరసకు ఇద్దరు. ఎరుపు, ఆకుపచ్చ తేడా కనబడనివాళ్ళు ఉండవచ్చు, ముందే అడగండి. అసలు జాబితాలకు ముందు ఎనిమిది గడులతో సాధన చేయించండి. సూచన అందరికీ ఒకే మాటల్లో ఉండాలి: 'వీలైనంత త్వరగా చెప్పండి, తప్పు పోతే దిద్దుకుని ముందుకు వెళ్ళండి, కళ్ళు చికిలించవద్దు.' కాగితం బోర్లించి ఇచ్చి, తిప్పమన్న క్షణంలో గడియారం నొక్కి, చివరి రంగు నోటినుంచి వచ్చాక ఆపండి. వేలితో నొక్కడంలో పావు సెకను అటూఇటూ అయినా, 24 అంశాలకు పంచితే ఒక్కోదానికి పది మిల్లీసెకన్లే. మీరు వెతికే తేడా వందల్లో ఉంటుంది కనుక సరిపోతుంది. దిద్దుకున్న తప్పు, దిద్దుకోని తప్పు వేర్వేరు గుర్తులతో రాసుకోండి. అన్నీ గొంతు రికార్డు చేసుకుంటే మరీ మంచిది, వాళ్ళ అనుమతితో.

లెక్క మనిషి మనిషికీ విడిగా చేయాలి. ఉదాహరణకు ఒకరికి గడులు 18 సెకన్లు, రంగు సిరా పదాలు 26.4, పక్కన పెట్టిన పదాలు 20.4 అనుకోండి. 24తో భాగిస్తే 750, 1100, 850. అడ్డు మొదటిదాంట్లో 350, రెండోదాంట్లో 100. పన్నెండు మందికీ ఈ రెండు తేడాలు తీసి, వాటి మధ్య తేడా యాదృచ్ఛికమా కాదా అని చూసే జత టీ-పరీక్ష చేయండి. పట్టిక పక్కన ఒక్కో మనిషికి ఒక్కో గీత వేసి చూపితే, తేడా అందరిలో ఉందా, ఒకరిద్దరు లాగుతున్నారా అన్నది చూడగానే తెలుస్తుంది.

క్లాసులో మీకు ఎక్కువ సమయం పట్టిన సంగతికి కూడా ఇదే తీసివేత కావాలి. మీకు పదాలకు 27 సెకన్లు, స్నేహితురాలికి 23 పట్టాయనుకుందాం. ఒట్టి గడులకు మీకు 20, ఆమెకు 15 అయితే, మీ అడ్డు 7 సెకన్లు, ఆమెది 8. మీరు రంగుల పేర్లు నిదానంగా చెప్తారన్నది మాత్రమే తేలింది, పదం మిమ్మల్ని ఎక్కువ లాగిందని కాదు. గడుల సమయం కొలవకపోతే మీ గురించి ఏమీ తేలనట్టే. కొలిచినా జాగ్రత్తే. స్ట్రూప్ ప్రభావం దాదాపు అందరిలోనూ కనబడుతుంది, అందుకే అది అంత పేరు పొందింది. అందరిలో ఉండటం వల్లే మనిషికీ మనిషికీ తేడా తక్కువ, అదే మనిషి మరో రోజు చేస్తే వరసలో స్థానం మారిపోవచ్చు. హెజ్, పావెల్, సమ్నర్ 2018లో దీన్నే చూపించారు. గుంపు మీద గట్టిగా నిలిచే పరీక్ష ఒక్కరి ధ్యాసను తూచడానికి మంచి తక్కెడ కాకపోవచ్చు.

పేరు విషయంలో మీకు దాపరికం లేకుండా చెప్పాల్సిన ఫలితం ఒకటుంది. కాన్వే, కవన్, బంటింగ్ 2001లో వర్కింగ్ మెమరీ, అంటే పని చేస్తూనే విషయాలను మనసులో పట్టి ఉంచే సామర్థ్యం తక్కువ ఉన్నవాళ్ళలో 65 శాతం, ఎక్కువ ఉన్నవాళ్ళలో 20 శాతం తమ పేరు పట్టుకున్నారని చూపారు. అది చూసి మీ స్నేహితురాలు గెలిచాననుకోవచ్చు. అయితే అవి రెండు కొసలనుంచి తీసిన గుంపుల శాతాలు, పైగా షాడోయింగ్ చేస్తూ, హెడ్‌ఫోన్లలో, ఒకే ఒక్కసారి పలికిన పేరుకు. ఎక్కువ ఉన్నవాళ్ళలోనూ అయిదుగురిలో ఒకరికి వినబడింది. మీరు మీ పేరు విన్న సందర్భాలే మీకు తెలుసు, మీ పేరు వచ్చినా వినబడని సందర్భాలు లెక్కలోకే రాలేదు.

మాట జారిపోవడం నిజంగా ఇబ్బంది పెడుతుంటే చేయగలిగింది ఆసరా పెంచుకోవడమే. మాట్లాడేవాళ్ళూ అవతలి గుంపూ ఒకే దిక్కున ఉండేలా నిలబడితే రెండు గొంతులూ చెర్రీ మొదటి టేపులా కలుస్తాయి. కాస్త పక్కకు జరిగి, ఎదుటివాళ్ళు ముందూ ఆ గుంపు ఒక పక్కకూ వచ్చేలా చూసుకోండి. గోడ మూలకు మరీ దగ్గరగా నిలబడకండి, ప్రతిధ్వని దిక్కుల తేడాను చెరిపేస్తుంది. ఎదుటివాళ్ళ పెదవులు కనబడేలా ఉండండి, రొదలో మాట అందడానికి అది చాలా సాయం. అయినా పేరు తగలవచ్చు. అప్పుడు పోయేది తర్వాతి కొన్ని మాటలే, 'చివరి మాట మళ్ళీ చెప్తారా' అని అడిగితే సరిపోతుంది.

ఇవన్నీ చేశాక కూడా, ఎవరూ మీ పేరెత్తకపోయినా, రొదలో ఎదుటి మనిషి మాటే అందకపోతుంటే అది వేరే సమస్య. ధ్యాసను అనుమానించే ముందు రెండు చెవులకూ విడివిడిగా వినికిడి పరీక్ష చేయించుకోండి. ఒక చెవి కొద్దిగా తగ్గినా నిశ్శబ్దంలో తెలియకపోవచ్చు, నలుగురిలో మాత్రం గొంతులు విడిపోవు.